పచ్చసొన పారేసి బటర్ రాసుకుంటే తగ్గిందేమిటి?

"గుడ్డులో పచ్చసొన పారేయండి, అందులో కొవ్వు తప్ప ఏమీ ఉండదు. ప్రోటీన్ అంతా తెల్లసొనలోనే. రోజూ పొద్దున నాలుగు తెల్లసొనలు, బటర్ బాగా రాసిన రెండు టోస్టులు తినండి, ఒళ్ళు తగ్గుతుంది. బ్రెడ్డు కాలిస్తే క్యాలరీలు సగం పోతాయి. తెల్లసొన పచ్చిగా తాగితే ఇంకా బలం. మీవాళ్ళందరికీ పంపండి."

జిమ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో ఇదే తిరుగుతోంది. పంపేవాళ్ళలో ఒక్కరైనా బటర్ ప్యాకెట్ వెనక అంకెలు చూసి, గుడ్డు అంకెల పక్కన పెట్టి కూడి ఉంటే అక్కడితో ఆగిపోయేది. ఎవరూ కూడటం లేదు కాబట్టి ఇక్కడ కూడుదాం.

పెంకు తీశాక 50 గ్రాములు తూగే గుడ్డు తీసుకోండి. అందులో తెల్లసొన 33 గ్రాములు, పచ్చసొన 17. మొత్తం 72 క్యాలరీలు, 6.3 గ్రాముల ప్రోటీన్, 4.8 గ్రాముల కొవ్వు. ఈ ప్రోటీన్‌లో 3.6 గ్రాములు తెల్లసొనది, 2.7 గ్రాములు పచ్చసొనది. అంటే పారేస్తున్నది గుడ్డు ప్రోటీన్‌లో నూటికి నలభైకి పైనే. బరువుకు బరువు చూస్తే పచ్చసొనలోనే ప్రోటీన్ చిక్కగా ఉంటుంది: వంద గ్రాముల పచ్చసొనలో సుమారు 16 గ్రాములు, వంద గ్రాముల తెల్లసొనలో 11. ఇక విటమిన్ ఎ, డి, బి12, కోలిన్ దాదాపు అన్నీ ఉండేది పచ్చసొనలోనే. మొదటి రెండు వాక్యాల సంగతి ఇంతటితో తేలిపోయింది.

మన కొట్లలో దొరికే గుడ్డు చాలాసార్లు ఇంతకంటే చిన్నది. పెంకుతో 50 గ్రాములుంటే లోపల మిగిలేది 44 గ్రాముల దాకానే. అప్పుడు 63 క్యాలరీలు, 5.5 గ్రాముల ప్రోటీన్. క్యాలరీలు లెక్కేసే యాప్‌లో "లార్జ్ ఎగ్" అని నొక్కేవాళ్ళు ఒక్కసారి అరడజను గుడ్లు తూచి సగటు చూసుకుంటే మంచిది.

అసలు ప్రమాదమంతా మూడో వాక్యంలో ఉంది. కొవ్వు పేరు చెప్పి పచ్చసొన తీసేయించి, అదే కంచంలో బటర్ "బాగా" రాయమంటున్నారు. బాగా అంటే ఎంత? వేడి టోస్టు మీద చేతికొచ్చినట్టు రాస్తే స్లైసుకు 10 గ్రాములు తేలిగ్గా పడుతుంది. బటర్‌లో నూటికి 80 పాళ్ళు కొవ్వే. పది గ్రాములంటే 72 క్యాలరీలు, 8 గ్రాముల కొవ్వు, అందులో 5 గ్రాములు సంతృప్త కొవ్వు. 72 క్యాలరీలంటే ఒక పూర్తి గుడ్డు! ఆ గుడ్డుతో ఆరు గ్రాముల ప్రోటీన్ వచ్చేది, ఈ బటర్‌తో వచ్చేది దాదాపు సున్నా.

మెసేజ్ చెప్పిన కంచాన్నే లెక్కేద్దాం. నాలుగు తెల్లసొనలకు 68 క్యాలరీలు, 14.4 గ్రాముల ప్రోటీన్. 28 గ్రాముల బ్రెడ్డు స్లైసులు రెండింటికి సుమారు 150 క్యాలరీలు, 5 గ్రాముల ప్రోటీన్, 28 గ్రాముల పిండిపదార్థం, 2 గ్రాముల కొవ్వు. 20 గ్రాముల బటర్‌కు 144 క్యాలరీలు, 16 గ్రాముల కొవ్వు. మొత్తం 362 క్యాలరీలు, ప్రోటీన్ 19 గ్రాములు, కొవ్వు 18 గ్రాములు. అందులో సంతృప్త కొవ్వు పదికి పైనే.

ఇప్పుడు అవే నాలుగు గుడ్లలో రెండు పచ్చసొనలు ఉంచండి. బటర్ రెండు స్లైసులకూ కలిపి 5 గ్రాములు చేయండి. బ్రెడ్డు అదే. మొత్తం 364 క్యాలరీలు, ప్రోటీన్ దాదాపు 25 గ్రాములు, కొవ్వు 15.6 గ్రాములు, సంతృప్త కొవ్వు 6 గ్రాములు. క్యాలరీలు మారలేదు. ప్రోటీన్ ఐదు గ్రాములు పెరిగింది, సంతృప్త కొవ్వు నాలుగు గ్రాములకు పైగా తగ్గింది. తెల్లసొనల కంచాన్ని ఆరోగ్యం పేరుతో పంపుతున్న వాళ్ళు ఈ రెండు మొత్తాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఆ తర్వాత ఫార్వర్డ్ నొక్కగలరా?

కొలెస్ట్రాల్ మాటేమిటని అడుగుతారు. ఒక గుడ్డులో 186 మిల్లీగ్రాములుంటుంది, అదంతా పచ్చసొనలోనే. రోజుకు 300 మించకూడదన్న పరిమితిని అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015-2020 సంచికలో తీసేశాయి. ఎన్నయినా తినమని దాని అర్థం కాదు. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ పెరగటంలో చాలామందికి తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వు పాత్రే ఎక్కువ. ఆ సంతృప్త కొవ్వు ఎక్కువున్నది ఏ కంచంలోనో ఇప్పుడే చూశాం.

బటర్ కొలవటం కష్టమేమీ కాదు. వంద గ్రాముల ప్యాకెట్‌ను కాగితంతో సహా కిచెన్ స్కేలు మీద పెట్టి, రాసుకున్నాక మళ్ళీ పెట్టండి. తగ్గినంతా మీ పొట్టలోకే. స్కేలు లేకపోతే ఆ ముక్కను ఇరవై సమానమైన బిళ్ళలుగా కోస్తే ఒక్కోటీ 5 గ్రాములు. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి బటర్ పరుచుకోదు, గడ్డలుగా నిలిచి ఇంకా ఇంకా పడుతుంది, కాబట్టి ముందే బయట పెట్టి మెత్తబడనివ్వండి. టోస్టు మరీ వేడిగా ఉంటే బటర్ కరిగి లోపలికి ఇంకిపోతుంది, పైన పొడిగా కనిపించి చెయ్యి మళ్ళీ ప్యాకెట్ మీదకు పోతుంది. అర నిమిషం ఆగి రాస్తే అదే 5 గ్రాములు నాలుక్కి తెలుస్తాయి.

పెనం మీద వేసింది కూడా లెక్కలోకి రావాలి. కొవ్వు లేని తెల్లసొన పెనానికి పట్టేస్తుంది, దాంతో స్పూన్ నూనె అదనంగా పోస్తారు. అది 40 క్యాలరీలు, అంటే రెండు తెల్లసొనలకు మించి. నాన్‌స్టిక్ పెనం, సన్నని మంట, పైన మూత పెడితే అర స్పూన్ కూడా అక్కర్లేదు.

బ్రెడ్డు కాల్చటం గురించి చెప్పేదేముంది? నీరు ఆవిరైపోతుంది. స్లైసు బరువు తగ్గుతుంది, క్యాలరీలు అవే ఉంటాయి.

ఒక విషయంలో తెల్లసొనకే నా ఓటు. క్యాలరీకి ఎంత ప్రోటీన్ అన్న పోటీలో దాన్ని పచ్చసొన అందుకోలేదు: వంద క్యాలరీల తెల్లసొనలో 21 గ్రాముల ప్రోటీన్, వంద క్యాలరీల పూర్తి గుడ్డులో 9 కూడా ఉండదు. తక్కువ క్యాలరీల్లో ఎక్కువ ప్రోటీన్ కావాల్సినవాళ్ళు రెండు పూర్తి గుడ్లకు తెల్లసొనలు జోడించుకోవటం సరైన పద్ధతే. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకైతే డైటీషియన్లే తెల్లసొన ఎక్కువగా రాస్తారు, ఎందుకంటే వాళ్ళు తగ్గించుకోవాల్సిన ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలో ఉంటుంది. అది వాళ్ళ రక్తపరీక్షలు చూసి ఇచ్చే సలహా, వీధిలో అందరికీ పంచేది కాదు.

పచ్చి తెల్లసొన మాటను మాత్రం చూస్తూ ఊరుకోలేను, కుర్రాళ్ళు నిజంగానే తాగుతున్నారు. 1998లో బెల్జియం పరిశోధకులు కొద్దిమంది మీద చేసిన కొలతల్లో, ఉడికిన గుడ్డు ప్రోటీన్ 91 శాతం జీర్ణమైతే పచ్చిది 51 శాతమే అయింది. అంటే నాలుగు తెల్లసొనల 14 గ్రాముల్లో ఒంటికి పట్టేది ఏడు. పైగా పచ్చి తెల్లసొనలోని ఎవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ విటమిన్‌ను పట్టేసుకుని పేగుల్లోంచి ఒంట్లోకి పోనివ్వదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళకు అది లోటుగా మారవచ్చు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం సరేసరి. వేడి తగిలితే ప్రోటీన్ మడతలు విడి అరుగుదలకు అనువవుతుంది, ఎవిడిన్ పట్టూ సడలుతుంది. మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉడికించండి. పెనం మీద వేస్తే తెల్లసొనలో పారదర్శకంగా, జిగటగా ఎక్కడా మిగలకుండా గట్టిపడేదాకా ఉంచండి. షేక్‌లోనే కావాలంటే ఉడికిన తెల్లసొనలను పాలతో కలిపి మిక్సీలో మెత్తగా తిప్పుకోండి.