అద్దెలో కోసుకునే ముందు

గోడ లోపల పైపు పగిలింది. బాత్‌రూమ్ అవతలి గదిలో గోడంతా చెమ్మ, స్విచ్‌బోర్డు ముట్టుకుంటే షాక్ కొడుతోంది. ఓనర్‌కు ఫోన్ చేస్తే ‘చూద్దాంలే’ అంటారు. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ టెన్షన్ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఇలాంటప్పుడు అద్దెకున్నవారే బాగు చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108(ఎఫ్) చెబుతోంది. ముందు ఓనర్‌కు నోటీసు ఇచ్చి, తగినంత గడువు ఇవ్వాలి.

మెలిక ఎక్కడుందంటే, ఓనర్ ‘చేయించాల్సి ఉన్న’ రిపేర్లకే ఈ హక్కు వర్తిస్తుంది. ఏ రిపేరు ఎవరిదో ఆ సెక్షన్ చెప్పదు. అది చాలావరకు అగ్రిమెంటులో రాసుకున్నదాన్ని బట్టే తేలుతుంది. ‘రిపేర్లన్నీ అద్దెదారువే’ అనే ఒక్క లైను మీద చదవకుండా సంతకం పెట్టేస్తే ఈ హక్కు దాదాపు చేజారినట్టే. మన పదకొండు నెలల అగ్రిమెంట్లలో మేం ముందుగా వెతకమనేది ఆ లైనునే.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఈ లోటును చాలావరకు పూడ్చింది. పైపులు మార్చడం, కరెంటు వైరింగ్, గోడలకు సున్నం ఓనర్ బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్‌లు, గీజర్ రిపేరు అద్దెదారు బాధ్యత. ఓనర్ తన వంతు పని చేయించనంటే అద్దెదారు చేయించి కోసుకోవచ్చు గానీ, ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించకూడదు. అద్దె 14 వేలు, పైపు పనికి 9 వేలు అయిందనుకుందాం. మొదటి నెల 7 వేలు, మరుసటి నెల 2 వేలు తగ్గించి కట్టాలి. అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంలో పెట్టుకుంటేనే అమలవుతుంది.

కోపంతో అద్దె మొత్తం ఆపేయడమే అసలు ప్రమాదం. అప్పుడు రిపేరు గొడవ పక్కకు పోయి అద్దె బకాయి కేసు ముందుకొస్తుంది, ఇల్లు ఖాళీ చేయించడానికి ఓనర్‌కు అదే సాకు. అందుకే ఫోన్‌తో సరిపెట్టకుండా ఫొటోలతో సహా రాతపూర్వకంగా తెలపాలి. ఇద్దరు ప్లంబర్ల దగ్గర అంచనా తీసుకుని ఓనర్‌కు పంపాలి. పని అయ్యాక ఏం మార్చారో రాసిన బిల్లు తీసుకోవాలి. మిగతా అద్దెను గడువులోగా బ్యాంకు ద్వారానే కట్టి, ఎంత ఎందుకు తగ్గించారో అదే రోజు లెక్క పంపాలి. తమ వాడకం వల్ల పాడైనదానికి, అందం కోసం వేయించిన టైల్స్‌కు ఈ దారి పనికిరాదు.

ఓనర్లకూ ఇందులో న్యాయమైన భయం ఉంది. అడక్కుండా గోడ పగలగొట్టించి వేలల్లో బిల్లు చేతిలో పెడితే ఎవరు ఒప్పుకుంటారు? ఎవరి పని ఏదో ముందే కాగితం మీద ఉంటే ఇద్దరికీ ఆ భయం తగ్గుతుంది. నమూనా చట్టంలోని ఆ రిపేర్ల జాబితాను ప్రతి అద్దె అగ్రిమెంటుకూ తప్పనిసరిగా జత చేయించాలని తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం.