పచ్చ రింగ్ పెట్టుకుంటే పరువేం పోదు

లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే ఓపెన్ టు వర్క్ ఆన్ చేసి, ఫొటో చుట్టూ ఆ పచ్చ రింగ్ పెట్టుకున్నవాడంటే మాదాపూర్‌లో ఒక రకమైన జాలి. "పాపం, ఎక్కడా దొరకట్లేదేమో" అంటారు టీ తాగుతూ. అందుకే ఉద్యోగం పోయినవాళ్లు కూడా అందులో Recruiters only అనే ఆప్షన్ పెట్టుకుని, ఎవరికీ తెలియకుండా వెతుక్కుంటున్నారు. నా లెక్కలో ఇది తలకిందుల వ్యవహారం. దాచాల్సిన అవసరం లేనివాళ్లు దాస్తున్నారు, దాచాల్సినవాళ్లేమో ఆ ఆప్షన్‌ను ఇనప్పెట్టె అనుకుని నిశ్చింతగా పడుకుంటున్నారు.

రెండిటికీ తేడా తెలిసిందే. All LinkedIn members పెడితే రింగ్ వస్తుంది, అందరికీ కనిపిస్తుంది. Recruiters only పెడితే రింగ్ ఉండదు. కంపెనీలు డబ్బు కట్టి వాడే లింక్డ్‌ఇన్ రిక్రూటర్ అనే టూల్‌లో వెతికేవాళ్లకు మాత్రమే మీరు సిద్ధంగా ఉన్నారని తెలుస్తుంది. ఇక్కడే చాలామంది ఒక విషయం మరిచిపోతున్నారు. మన ఊళ్లో ఉద్యోగాలు ఎక్కువగా కదిలేది రెఫరల్ మీద. మీ పాత టీమ్ లీడ్ దగ్గరో, కాలేజీ సీనియర్ దగ్గరో ఆ టూల్ ఉండదు. మీరు ఖాళీగా ఉన్నారని వాళ్లకు తెలియాలంటే రింగైనా ఉండాలి, మీరైనా నోరు విప్పాలి. లేఆఫ్ అయినవాళ్లు, రాజీనామా ఇచ్చి నోటీసులో ఉన్నవాళ్లు, ఇంకా ఆఫర్ రాని ఫ్రెషర్లు... వీళ్లు ఎవరి నుంచి దాచాలి చెప్పండి?

రింగ్ చూస్తే జీతం తగ్గించి అడుగుతారనే వాదన ఒకటుంది. కొట్టిపారేయను, అలాంటి హెచ్ఆర్‌లు ఉన్నారు. కానీ మీ ప్రొఫైల్‌లో ఆఖరి ఉద్యోగం మార్చిలో ముగిసిందని కనిపిస్తూనే ఉంటుంది కదా, రింగ్ తీసేస్తే అది మారుతుందా?

ఇక ఉద్యోగంలో ఉండి వెతికేవాళ్ల సంగతి. వీళ్లకు Recruiters only సరైనదే, కాకపోతే అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుని పెట్టుకోవాలి. మీ ప్రస్తుత కంపెనీ రిక్రూటర్లకు, దాని అనుబంధ కంపెనీల వాళ్లకు కనపడకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ చెబుతుంది, పూర్తి గ్యారంటీ మాత్రం ఇవ్వలేమని కూడా అక్కడే రాస్తుంది. మరి మీ కంపెనీ ఏదో దానికెలా తెలుస్తుంది? ప్రొఫైల్‌లో మీరు వేసుకున్నదాన్ని బట్టే.

మా పిన్ని కొడుకు గచ్చిబౌలిలో ఒక పెద్ద క్లయింట్ ఆఫీసులో టెస్టింగ్ చేస్తాడు. జీతం వేసేది మాత్రం ఒక కన్సల్టెన్సీ. చెప్పుకోవడానికి బాగుంటుందని ప్రొఫైల్‌లో క్లయింట్ పేరే పెట్టుకున్నాడు, ఆ ఫ్లోర్‌లో సగం మంది చేసేదీ అదే. Recruiters only ఆన్ చేసిన వారానికే కన్సల్టెన్సీ నుంచి ఫోన్: "ఏంటి బాబూ, మానేస్తున్నావంట, మాకో మాట చెప్పొద్దా?" వాళ్ల రిక్రూటర్ ఇంకో క్లయింట్ కోసం టెస్టర్లను వెతుకుతూ ఓపెన్ టు వర్క్ ఫిల్టర్ వేస్తే మనవాడే పైన వచ్చాడు. "అన్నా, ఇది మోసం కాదా?" అన్నాడు నాతో. కాదు. లింక్డ్‌ఇన్ అతను చెప్పిన కంపెనీ నుంచి దాచింది, చెప్పని కంపెనీకి చూపించింది. పోనీ కన్సల్టెన్సీ పేరు పెట్టుకుని ఉంటే? అప్పుడు క్లయింట్ రిక్రూటర్లకు కనిపించేవాడు. కాంట్రాక్ట్ పేరోల్ మీద ఉన్నవాళ్లకు ఈ ఆప్షన్ సగం గొడుగే. ఎవరికి తెలిస్తే ఎక్కువ నష్టమో చూసుకుని ఆ పేరు పెట్టుకోవాలి, లేదంటే అసలు ఆన్ చేయకుండా తెలిసిన రిక్రూటర్లకు నేరుగా మెసేజ్ పెట్టుకోవాలి.

పర్మనెంట్ వాళ్లూ ఒకటి చూసుకోండి. కంపెనీ పేరు పక్కన లోగో రాకుండా బూడిద రంగు డబ్బా కనిపిస్తే, అది కంపెనీ పేజీకి లింక్ కానట్టే. ఎవరి నుంచి దాచాలో సైట్‌కు అర్థం కాదు. పేరు మళ్లీ టైప్ చేసి, వచ్చిన జాబితాలోంచి ఎంచుకోండి. మీ కంపెనీకి మనుషుల్ని సరఫరా చేసే బయటి ఏజెన్సీల వాళ్లకు మాత్రం ఎలా చేసినా కనిపిస్తారు.

అసలు ఇంత దొంగచాటు ఎందుకొచ్చిందంటారా? తొంభై రోజుల నోటీసు వల్ల. చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా ఇస్తే మూడు నెలలు గాల్లో ఉండాలి, రాజీనామా ఇవ్వకుండా వెతికితే "మూడు నెలలా? మాకు పదిహేను రోజుల్లో కావాలి" అంటారు. పోనీ ఎప్పుడు చేరగలరో చెప్పమని ఓపెన్ టు వర్క్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, దానికి వెంటనే అనీ, వీలునుబట్టి అనీ రెండే జవాబులు. తొంభై రోజులకు అందులో చోటే లేదు. వెంటనే అని నొక్కినవాడు మొదటి కాల్‌లోనే దొరికిపోతాడు. కొత్తగా వచ్చేవాడు పదిహేను రోజుల్లో చేరాలి, తన దగ్గర్నుంచి వెళ్లేవాడు మాత్రం మూడు నెలలు ఉండాలి అనే కంపెనీని ముందు అడగండి, ఆ తర్వాత పచ్చ రింగ్ పెట్టుకున్నవాడి మీద జాలిపడదాం.