ఉద్యోగంలో గ్యాప్ దాచమనే సలహా ఎక్కడ దెబ్బతీస్తుందంటే

«ఏడు నెలల గ్యాప్ ఉందని స్క్రీనింగ్ కాల్‌లో చెప్పావో, అక్కడితో అయిపోయినట్టే. పాత కంపెనీ చివరి తేదీ కాస్త జరిపెయ్. మిగతా నెలలకు ఫ్రీలాన్స్ అని రాసుకో. మరీ అడిగితే మొత్తం కథ చెప్పి నమ్మించు.»

విశాఖలో ద్వారకానగర్ కోచింగ్ గ్రూపుల నుంచి మధురవాడ హాస్టళ్ల దాకా తిరుగుతున్న ఈ మాట నమ్మకండి.

ముందు తేదీ సంగతి. పీఎఫ్ కట్ అయిన ఉద్యోగమైతే యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి. పాస్‌బుక్‌లో ఏ నెల జమ ఆగిందో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలాచోట్ల అడిగేది ఇదే. రెజ్యూమెలో మే, పాస్‌బుక్‌లో జనవరి ఉంటే చేతికొచ్చిన ఆఫర్ పోతుంది. గ్యాప్ వల్ల కాదు, ఆ తేడా వల్ల. పాత కంపెనీ మానేసిన తేదీ ఎక్కించకపోతే, రెండు నెలలు దాటాక పీఎఫ్ పోర్టల్‌లో `Manage` కింద `Mark Exit`లో మీరే వేసుకోవచ్చు. కాల్‌కి ముందే చూసుకోండి.

ఫ్రీలాన్స్ అబద్ధం అంతదాకా కూడా ఆగదు. క్లయింట్ ఎవరు, కోడ్ ఎక్కడ డిప్లాయ్ చేశారు అని రెండు ప్రశ్నలడిగితే చాలు.

గ్యాప్ వినగానే వద్దనే కంపెనీలు లేకపోలేదు. వాళ్లను ఏ జవాబూ మార్చలేదు. కానీ టెక్నికల్ కాల్ చేసే ఇంజినీరుకు ముఖ్యంగా కావాల్సింది, మీ చెయ్యి ఇంకా పనిలో ఉందా లేదా అన్నదే. అందుకే కథంతా చెప్పడం తప్పు. ఒక జావా డెవలపర్ జవాబు ఇంతే ఉండాలి:

«జనవరిలో మా టీమ్ మొత్తాన్ని తీసేశారండి. ఏప్రిల్ దాకా నాన్నగారి ఆపరేషన్, ఆసుపత్రి పనులు నేనే చూసుకున్నాను. మే నుంచి నేను రాసుకున్న బిల్లింగ్ అప్లికేషన్‌ని స్ప్రింగ్ బూట్ 2 నుంచి 3కి మారుస్తున్నాను. వెంటనే చేరగలను.»

ఇంగ్లీషులో చెప్పినా అర నిమిషం దాటదు. తర్వాత ఆగిపోవాలి. అవతల నిశ్శబ్దంగా ఉంటే చాలాసార్లు నోట్స్ రాసుకుంటున్నారనే అర్థం. అక్కడే చాలామంది కంగారుపడి పాత మేనేజర్ పక్షపాతం, జీతం బకాయిలు ఎత్తుకుంటారు. గొంతు పెరుగుతుంది, మొదటి టెక్నికల్ ప్రశ్న వచ్చేసరికి మనసు ఇంకా ఆ గొడవలోనే ఉంటుంది.

ఆ ప్రశ్న కూడా మీరు చెప్పినదాంట్లోంచే వస్తుంది: «వెర్షన్ మార్చినప్పుడు ముందు ఏది ఆగిపోయింది?» నిజంగా చేసినవాళ్లు తడుముకోరు. కనీసం జావా 17 కావాలి, `javax.persistence` ఇంపోర్టుల్ని `jakarta.persistence`గా మార్చేదాకా కంపైల్ కాదు. చెయ్యకపోతే «చదివాను, చేసి చూడలేదు» అనండి. ఒక మార్కు తగ్గుతుందేమో గానీ, ముందు చెప్పిన గ్యాప్ మాట మీద అనుమానం రాదు.

గ్యాప్ మీ ఆరోగ్యం వల్లే అయితే జబ్బు పేరు చెప్పక్కర్లేదు. «ఆరోగ్య కారణంతో ఆగాను, ఇప్పుడు ఫుల్‌టైమ్ చెయ్యగలను» అంటే సరిపోతుంది.