ఫార్వర్డ్ కాంట్రాక్ట్‌లో రేటు చూశారు, రద్దు లెక్క చూశారా?

డాలర్ పెరుగుతుందన్న టెన్షన్‌తో బ్యాంకుకు వెళ్లే చిన్న దిగుమతిదారుకు అక్కడ వినిపించే మాట ఒక్కటే: "రేటు లాక్ చేసేద్దామండీ." ఆ తర్వాత ఇంగ్లీషులో ఫార్వర్డ్ కాంట్రాక్ట్ పత్రం వస్తుంది: ఇవాళ ఖాయం చేసుకున్న రేటుకే ముందు ముందు ఒక తేదీన డాలర్లు కొంటానన్న ఒప్పందం అది. రేటు దగ్గర వేలు పెట్టి చూసుకుని సంతకం చేసేస్తారు. నిజానికి డబ్బు పోయేది రేటు దగ్గర కాదు. డెలివరీ తేదీలు రాసిన గడిలో, రద్దు గురించి కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేరాలో పోతుంది. ఆ రెండూ వివరించకుండా సంతకం తీసుకోవడం మన బ్యాంకు శాఖల్లో మామూలైపోయింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భీమవరం వైపు రొయ్యల చెరువులకు ఏరేటర్లు అమ్మే వ్యాపారి చైనా నుంచి మోటార్లు తెప్పిస్తున్నాడు. బిల్లు లక్ష డాలర్లు, సరుకు వచ్చాక సెప్టెంబర్ చివర్లో కట్టాలి. జూలై మొదట్లో బుక్ చేశాడు. లెక్క సులువుగా ఉండడానికి ఆ రోజు డాలర్ 85 రూపాయలు అనుకుందాం. మూడు నెలల తర్వాత ఇచ్చే డాలర్‌కు ఇవాళ్టి రేటు మీద పడే అదనం, అంటే ప్రీమియం, 45 పైసలు, బ్యాంకు మార్జిన్ 15 పైసలు. కాంట్రాక్ట్ రేటు 85.60. డెలివరీ గడిలో సెప్టెంబర్ 3 నుంచి అక్టోబర్ 2 వరకు అని ఉంది, పక్కన 'ఆప్షన్ పీరియడ్' అని రాశారు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆప్షన్ అన్నారు కదా, అవసరం లేకపోతే వదిలేయొచ్చని అనుకుంటారు. అలా వదిలేయగలిగేది కరెన్సీ ఆప్షన్ అనే వేరే సరుకు. దానికి ముందే విడిగా రుసుము కట్టాలి, తర్వాత వాడుకోకపోయినా ఎవరూ అడగరు. ఫార్వర్డ్‌లో ఉన్న వెసులుబాటు రోజును ఎంచుకోవడం వరకే. ఆ నెల రోజుల్లో ఏ పనిదినమైనా డాలర్లు తీసుకోవచ్చు, కానీ తీసుకుని తీరాలి. పైగా ఈ వెసులుబాటు ఉచితమేమీ కాదు. ఫార్వర్డ్‌లో డాలర్ ప్రీమియంలో ఉన్నప్పుడు బ్యాంకు దిగుమతిదారు దగ్గర చివరి తేదీ దాకా లెక్కగట్టి ప్రీమియం వసూలు చేస్తుంది. సెప్టెంబర్ 5నే డాలర్లు తీసుకున్నా అక్టోబర్ దాకా ప్రీమియం కట్టినట్టే. పేమెంట్ ఎప్పుడో కచ్చితంగా తెలిసినవాళ్లు ఒకే తేదీకి బుక్ చేసుకోవడం మేలు.

ఇక చివరి తేదీ సంగతి. అక్టోబర్ 2 గాంధీ జయంతి, బ్యాంకులకు సెలవు. చెక్కు విషయంలో అలవాటైన కొద్దీ మనం మర్నాడు చూసుకోవచ్చులే అనుకుంటాం. విదేశీ మారక డీలర్ల సంఘమైన ఫెడాయ్ నిబంధన దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందే తెలిసిన సెలవు రోజున గడువు పడితే దానికి ముందరి పనిదినమే ఆఖరు. అంటే మన వ్యాపారికి అక్టోబర్ 1 చివరి రోజు. అప్పటికప్పుడు ప్రకటించిన సెలవైతేనే మర్నాటికి మారుతుంది. ఆ రోజుకి ఇన్వాయిస్, దిగుమతి పత్రాలు బ్యాంకులో ఉండాలి, ఖాతాలో సుమారు 85 లక్షల 60 వేల రూపాయలు సిద్ధంగా ఉండాలి. డబ్బు ఉండి కాగితాలు లేకపోయినా డాలర్ బయటికి వెళ్లదు.

ఇప్పుడు అసలు కథ. శాంపిల్ మోటార్లు నాసిగా ఉన్నాయని వ్యాపారి ఆర్డర్ రద్దు చేసుకున్నాడు. సప్లయర్‌కి కట్టాల్సిందేమీ లేదు కాబట్టి బ్యాంకుతో కూడా లెక్క తీరిపోయిందని అనుకున్నాడు. కానీ బ్యాంకు ఆయన కోసం మార్కెట్లో లక్ష డాలర్లు ముందే కొనిపెట్టుకుంది. ఆయనకు వద్దంటే వాటిని ఆ రోజు రేటుకు తిరిగి అమ్ముకోవాలి. పత్రంలో రద్దు పేరా చెప్పేది ఇదే: 85.60కి ఆయన కొన్నట్టు, ఆ రోజు బ్యాంకు కొనుగోలు రేటుకు తిరిగి అమ్మినట్టు లెక్కగట్టి, తేడాను ఖాతాలో వేస్తారు లేదా తీస్తారు.

గడువు రోజున డాలర్ 84.20కి దిగిందనుకుందాం. బ్యాంకు తన మార్జిన్ 10 పైసలు తగ్గించుకుని 84.10కి కొంటుంది. డాలర్‌కు రూపాయిన్నర తేడా, లక్ష డాలర్లకు లక్షన్నర రూపాయలు. దీని మీద రద్దు ఛార్జీ, దానికి జీఎస్టీ అదనం. డాలర్ పడితే నష్టమొస్తుందని కొంతమందికైనా తెలుసు. తెలియనిది ఏమిటంటే, డాలర్ అసలు కదలకపోయినా నష్టమే. గడువు నాటికి మళ్లీ 85 దగ్గరే ఉంటే బ్యాంకు కొనుగోలు రేటు 84.90. కాంట్రాక్ట్ రేటుకు, దీనికి మధ్య తేడా 70 పైసలు, అంటే 70 వేల రూపాయలు. అందులో 45 పైసలు ప్రీమియం, 15 పైసలు వెళ్లేటప్పటి మార్జిన్, 10 పైసలు వచ్చేటప్పటి మార్జిన్. ఈ 70 వేల లెక్కను బుక్ చేసే రోజే కాగితం మీద వేసి చూపించవచ్చు. చూపిస్తే సగం మంది బుక్ చేసే మొత్తాన్ని తగ్గించుకుంటారు. ఎవరూ వేసి చూపించకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

డాలర్ పెరిగితే? 86.50కి చేరితే బ్యాంకు 86.40కి కొని, డాలర్‌కు 80 పైసల చొప్పున 80 వేలు వ్యాపారికి ఇవ్వాలి. అయితే ఒక మెలిక ఉంది. గడువులోపు రద్దు చేయమని ఆయనే అడగాలి. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే గడువు దాటిన కొన్ని పనిదినాలకు బ్యాంకు తనంతట తానే రద్దు చేస్తుంది. అలాంటి రద్దులో నష్టం వస్తే కస్టమర్ కట్టాలి, లాభం వస్తే ఆయనకు దక్కదు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టాలనేది ఇందుకే. రద్దు రేటు పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది కాబట్టి మెయిల్ వెళ్లిన సమయం కూడా ముఖ్యమే.

సరుకు ఆలస్యమైతే 'ఎక్స్‌టెన్షన్' చేయిస్తామంటారు. వినడానికి తేదీ జరిపినట్టే ఉంటుంది. జరిగేది మాత్రం పాత కాంట్రాక్ట్ రద్దు, కొత్త రేటుకు కొత్త కాంట్రాక్ట్. పాత 85.60ను ముందుకు తీసుకెళ్లడానికి నిబంధనలు ఒప్పుకోవు. డాలర్ పడి ఉంటే రద్దు నష్టాన్ని అప్పుడే కట్టాలి. కొత్త రేటు తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ నష్టంలో చాలా భాగం తర్వాత పూడుతుంది, కానీ చేతిలోంచి డబ్బు ముందే పోతుంది. సీజన్లో అప్పుల మీద నడిచే వ్యాపారికి ఇది చిన్న విషయం కాదు.

సరుకు తగ్గి వచ్చినా ఇదే వరస. బిల్లు 80 వేల డాలర్లే అయితే మిగిలిన 20 వేలను రద్దు చేయాలి, లెక్క మారదు. అందుకే ఖాయమైన మేరకే బుక్ చేయాలంటాను. కొత్త సప్లయర్‌తో మొదటి ఆర్డరైతే సగానికి ఫార్వర్డ్ తీసుకుని, శాంపిల్ నచ్చాక మిగతాది చూసుకోవచ్చు. ఆ మిగతా సగానికి డాలర్ పెరిగే రిస్క్ ఉంటుంది, నిజమే. రాదని తేలిన సరుకు కోసం కొన్న డాలర్లకు మాత్రం నష్టం కట్టే పని ఉండదు.

సంతకానికి ముందు బ్యాంకును అడగాల్సిన ప్రశ్న ఇది: "గడువు రోజున డాలర్ ఇవాళ్టి రేటు దగ్గరే ఉండి, నేను మొత్తం రద్దు చేసుకుంటే నా ఖాతాలోంచి ఎంత పోతుంది?" జవాబును ప్రీమియం, మార్జిన్, ఛార్జీలు విడివిడిగా రాసి మెయిల్‌లో పంపమనాలి. తెలుగులో రాసి ఇమ్మన్నా తప్పులేదు, నాలుగు అంకెల కూడికే అది.