పాత పేపరు అస్థిపంజరం మాత్రమే: పదో తరగతి లెక్కల ప్రీ-ఫైనల్ పేపరు తయారీ ఎలా?

సంక్రాంతి సెలవులు అయ్యేసరికి శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్లలో లెక్కల మాస్టార్ల బల్లల మీద పాత పబ్లిక్ పేపర్లు పరుచుకుంటాయి. వాటి నుంచి తలో ప్రశ్న ఏరి కలిపితే ప్రీ-ఫైనల్ పేపరు అయిపోయిందనుకోవడం మామూలే. అలా కూర్చిన పేపరు చూడ్డానికి పబ్లిక్ పేపరులాగే ఉంటుంది కానీ పిల్లవాడికి ఏం వచ్చో, ఏం రాదో మాత్రం చెప్పదు.

మొదటి చిక్కు పుస్తకంతోనే. 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వచ్చింది. అంతకు ముందు పేపర్లలో సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢి ప్రశ్నలు కనిపిస్తాయి. ఈ పుస్తకంలో అవి లేవు. పాత పేపరులో ఆ మూడింటినీ కొట్టేశాక మిగిలే ఖాళీని పక్క అధ్యాయంతో నింపేస్తే ఆ అధ్యాయం బరువు పెరిగిపోతుంది. అందుకే పాత పేపరు నుంచి తీసుకోవలసింది ప్రశ్నల్ని కాదు, చట్రాన్ని: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొత్తం 33 ప్రశ్నలు, 100 మార్కులు.

చాలా పేపర్లు దెబ్బతినేది ఎనిమిది మార్కుల ప్రశ్నల దగ్గరే. వాటిలో ప్రతిదానికీ ‘అ’ లేదా ‘ఆ’ అని ఛాయిస్ ఉంటుంది కాబట్టి పిల్లలు రాసేది 100 మార్కులకే అయినా అచ్చయ్యేది 140 మార్కుల ప్రశ్నలు. అధ్యాయాలవారీ పట్టికను 140కి వేయాలని అందరికీ తెలుసు. పట్టిక సరిపోయినా పేపరు తప్పిపోవచ్చన్నదే ఎవరూ పట్టించుకోరు. ఒక ప్రశ్నలో ‘అ’గా పౌనఃపున్య పట్టిక ఇచ్చి మధ్యగతం కనుక్కోమన్నారు, ‘ఆ’గా థేల్స్ సిద్ధాంతం నిరూపించమన్నారు అనుకోండి. పట్టికలో సాంఖ్యకశాస్త్రానికి 8, త్రిభుజాలకు 8 పడ్డాయి, లెక్క కుదిరింది. కానీ సూత్రంలో అంకెలు వేస్తే వచ్చే మధ్యగతాన్ని వదిలి నిరూపణ జోలికి వెళ్లేదెవరు? త్రిభుజాల 8 మార్కులు కాగితం మీదే మిగిలిపోతాయి. ఇలాంటి జోడీలు మూడు పడితే జ్యామితి ముట్టుకోకుండానే పెద్ద ప్రశ్నల గండం గట్టెక్కేయవచ్చు.

దీనికి మందు సులువే. నిరూపణకు జోడీగా మరో ఆలోచింపజేసే ప్రశ్నను, మధ్యగతానికి జోడీగా గ్రాఫు లాంటి పద్ధతి ప్రకారం సాగే ప్రశ్నను పెట్టాలి. అంటే అధ్యాయాలు వేరైనా కష్టం ఒకటే ఉండాలి. పట్టిక అయ్యాక, తెలివిగా తప్పించుకునే పిల్లవాడిలా ప్రతి జోడీలో సులువైనదాన్నే ఎంచుకుంటూ రెండోసారి పట్టిక వేయండి. ఈసారి మొత్తం 100 వస్తుంది. ఏ అధ్యాయం ఎంత తగ్గిందో అందులో తేలిపోతుంది.

కష్టసుఖాల లెక్కలోనూ ఇలాంటి భ్రమే ఒకటుంది. 33లో 12 సులువైన ప్రశ్నలంటే మూడో వంతుకు పైనే అనిపిస్తుంది. ఆ 12 ఒక మార్కువే అయితే చేతికొచ్చేది 12 మార్కులే. పాసవ్వడానికి 35 కావాలి. ఒకటి, రెండు మార్కుల ప్రశ్నలన్నీ కలిపినా 28; వెనకబడిన పిల్లవాడు గట్టెక్కాలంటే నాలుగు మార్కుల్లో కనీసం రెండైనా నేరుగా ఉండాలి. సులువు అనేదాన్ని ప్రశ్నల్లో కాకుండా మార్కుల్లో లెక్కపెట్టాలి.

ఇక అంకెలు మార్చడం. పొడవు వెడల్పుకు రెట్టింపు కంటే 1 మీటరు ఎక్కువ, వైశాల్యం 300 చదరపు మీటర్లు అన్నది తెలిసిన లెక్కే. దాన్ని పలాస దగ్గర జీడిపిక్కలు ఆరబెట్టే కళ్లంగా మార్చి, కొత్తగా ఉండాలని 320 అంటే కొంప మునుగుతుంది. 2x² + x − 300 = 0కి విచక్షణి 2401, అంటే 49 వర్గం; వెడల్పు 12 వస్తుంది. 320కి విచక్షణి 2561, అది ఏ పూర్ణసంఖ్యకూ వర్గం కాదు. పిల్లవాడు తనదే తప్పనుకుని రెండోసారి, మూడోసారి చేస్తాడు. చదువుకోవడానికిచ్చే పదిహేను నిమిషాలు పోగా మిగిలేది మూడు గంటలు, అంటే ఎనిమిది మార్కుల ప్రశ్నకు పద్నాలుగు నిమిషాలు. అదంతా అక్కడే ఆవిరి. జవాబు నుంచి వెనక్కి రావాలి: వెడల్పు 10 అనుకుంటే పొడవు 21, వైశాల్యం 210. పేపరు కంటే ముందే ‘కీ’ రాసుకునేవాళ్లకు ఈ తిప్పలు ఉండవు.

పేపర్లు దిద్దేటప్పుడు మార్కులతో పాటు ప్రతి జోడీలో ‘అ’ ఎంతమంది రాశారో, ‘ఆ’ ఎంతమంది రాశారో అంచున గీతలు గీసుకోండి. తరగతిలో 40 మంది ఉంటే 37 మంది ఒకవైపే మొగ్గిన జోడీ తూకం తప్పినట్టే. రెండో ప్రీ-ఫైనల్‌కు మార్చాల్సింది ముందుగా దాన్నే.