క్లేకి గుళ్ల లెక్క ముఖ్యం, బాతుకి గుండు లోతు ముఖ్యం

"12 బోరు ఉంది, ఎడమ గొట్టం ఫుల్ చోక్, పెద్ద గుళ్ల తూటా వేస్తే ఇంకేటి కావాలి?" శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత లైసెన్సు తుపాకులున్న ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. చోక్ అంటే గుళ్లు త్వరగా విచ్చుకోకుండా గొట్టం మూతి దగ్గర పెట్టే బిగువు, ఫుల్ అంటే బాగా బిగువు. క్లే అనే బిళ్లను గాల్లోకి విసిరి కొట్టే ట్రాప్, స్కీట్ ఆటలు నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకూ పెద్దవాళ్లు ఇదే సలహా ఇస్తున్నారు. ఇది తప్పు సలహా. దీనివల్ల కుర్రాడికి క్లే పగలదు. పైగా అమెరికాలోనో ఇంగ్లండులోనో చట్టబద్ధంగా వేటాడే మన బంధువు ఎవరైనా దీన్ని తిరగేసి, క్లే తూటాతోనే బాతును కొడితే, పిట్ట గాయంతో ఎగిరిపోయి ఎక్కడో పడి చస్తుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ రెండోదే.

మన దగ్గర పిట్టల వేట ఊసే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టుకునే పక్షుల జోలికి వెళ్తే జైలే. ఇక్కడ ఈ గుళ్ల తుపాకీతో చేయగల ఆట క్లే ఒక్కటే. వేట లెక్కలు అది అనుమతించిన దేశాలవి. తేడా తెలియాలి కాబట్టి రెండూ చెబుతున్నాను.

ముందు బోరు సంగతి. 12 బోరు 20 బోరు కన్నా "గట్టిగా కొడుతుంది" అనేది అపోహ. ఒకే సైజు గుండు, ఒకే వేగంతో బయలుదేరితే, అది ఏ గొట్టంలోంచి వచ్చినా పిట్టను ఒకేలా తాకుతుంది. సుమారు 18.5 మిల్లీమీటర్ల 12 బోరులో గుళ్లు ఎక్కువ పడతాయి, 15.6 మిల్లీమీటర్ల 20 బోరులో తక్కువ పడతాయి. తేడా అంతే. 20 బోరుతో దూరం తగ్గించుకోవాల్సి రావడానికి కారణం గుళ్లు విచ్చుకునే వలయం పలచబడటమే, గుండు బలహీనపడటం కాదు. ఇంట్లో రెండు బోర్లూ ఉంటే తూటాలు ఒకే సంచిలో ఎప్పుడూ కలపకండి. 20 తూటా 12 గొట్టంలో వేస్తే జారి ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే తూటా పెట్టే గది ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 తూటా పెట్టి పేలిస్తే, ముందుకు పెట్టిన చేతి దగ్గరే గొట్టం పగులుతుంది. 20 తూటాలను సాధారణంగా పసుపు రంగులో చేసేది ఈ ప్రమాదం వల్లే.

ఇప్పుడు క్లే. దాని వ్యాసం 110 మిల్లీమీటర్లు, ఎత్తు 26 లోపు. ట్రాప్‌లో అది మన నుంచి దూరంగా పారిపోతుంది కాబట్టి మనకు ఎక్కువగా అంచే కనిపిస్తుంది, అంటే సుమారు 25 చదరపు సెంటీమీటర్లు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తూటాలో 24 గ్రాముల సీసమే ఉండాలి. అమెరికా లెక్కలో ఏడున్నర నంబరు, అంటే 2.4 మిల్లీమీటర్ల గుళ్లు, అందులో సుమారు 295 పడతాయి. ఫుల్ చోక్‌కి కొలత ఏమిటంటే, 40 గజాల దగ్గర, అంటే 36.5 మీటర్ల దగ్గర, 76 సెంటీమీటర్ల వలయంలో నూటికి 70 గుళ్లు పడాలి. అంటే 207. వలయం వైశాల్యం దాదాపు 4,500 చదరపు సెంటీమీటర్లు. భాగించి చూడండి, క్లే అంచు మీద సగటున ఒక గుండు, కాస్త పైన. కంటికి కనిపించే ఒక్క ముక్క ఊడినా పాయింటే కాబట్టి ఆ ఒక్కటి చాలు. కానీ అది సగటు మాత్రమే. వలయం మధ్యలో గుళ్లు చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటాయి. అందుకే గురి కాస్త తప్పితే క్లే ఖాళీలోంచి దాటిపోతుంది.

అదే 24 గ్రాముల్లో పెద్దలు చెప్పినట్టు 3 మిల్లీమీటర్ల ఐదో నంబరు వేస్తే గుళ్లు 144. అందులో 70 శాతం 101. ఇప్పుడు సగటు అర గుండు. గురి సరిగ్గా ఉన్నా క్లే చెక్కుచెదరకుండా పోతుంది, కుర్రాడు తన చూపునే అనుమానిస్తాడు. పోటీల్లో 2.6 మిల్లీమీటర్లకు మించిన గుళ్లు ఎలాగూ ఒప్పుకోరు.

బాతు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. క్లేలాగా అది పెళుసు కాదు. రెక్క ఎముక, దట్టమైన ఈకలు, రొమ్ము కండ దాటి గుండెకో ఊపిరితిత్తికో గుండు చేరాలి. ఐదో నంబరు గుండు ఏడున్నర నంబరు కన్నా రెండింతల బరువు. గుండు వ్యాసం పెరిగితే బరువు ఘనంగా పెరుగుతుంది, గాలికి అడ్డుపడే వైశాల్యం వర్గంగానే పెరుగుతుంది. అందుకే చిన్న గుండు దూరం వెళ్లేకొద్దీ త్వరగా వేగం కోల్పోతుంది. క్లే తూటాతో 35 మీటర్లలోని బాతును కొడితే పదో పన్నెండో గుళ్లు తగలవచ్చు, కానీ చాలావరకు ఈకల కిందే ఆగిపోతాయి. ఈకలు రాలి, పిట్ట తడబడి, మళ్లీ సర్దుకుని ఎగిరిపోతే తప్పు గురిది కాదు, గుండు సైజుదని అర్థం.

మినహాయింపు కూడా చెప్పాలి. టెక్సాస్‌లో కొట్టే గువ్వలాంటి చిన్న పిట్టకు ఏడున్నర, ఎనిమిది నంబర్లే సరిపోతాయి, 30 మీటర్ల లోపు అయితే. అక్కడ క్లే తూటా, వేట తూటా దాదాపు ఒకటే. బాతుకి అలా కుదరదు. పైగా 1991 నుంచి అమెరికా అంతటా నీటి పక్షుల వేటలో సీసం నిషిద్ధం. చెరువు అడుగున పడ్డ సీసపు గుళ్లను బాతులు ఇసుక పలుకులనుకుని మింగి విషంతో చచ్చేవి. దాని బదులు వాడే ఉక్కు సీసం కన్నా తేలిక కాబట్టి రెండు నంబర్లు తక్కువది, అంటే పెద్ద గుండు ఎంచుకోవాలి. సీసంలో నాలుగు వాడేచోట ఉక్కులో రెండు, అంటే 3.8 మిల్లీమీటర్లు. ఉక్కు గుండు నలగదు, కాబట్టి చోక్ కూడా వదులు చేయాలి. మాడిఫైడ్ చోక్ ఉక్కుతో దాదాపు ఫుల్‌లా పనిచేస్తుంది. పాత గొట్టం ఫుల్ చోక్‌లోంచి ఉక్కు పెద్ద గుళ్లు పంపితే మూతి దగ్గర ఉబ్బే ప్రమాదం ఉంది.

చోక్‌ని నిర్ణయించాల్సింది దూరం. పిట్టా క్లేనా అన్నది కాదు. స్కీట్‌లో క్లే చాలావరకు 20 మీటర్ల చుట్టుపక్కలే పగులుతుంది. అంత దగ్గర్లో ఫుల్ చోక్ గుళ్లు అర మీటరు కూడా విచ్చుకోవు. అందుకే అక్కడ తొమ్మిదో నంబరు గుళ్లు, దాదాపు చోక్ లేని గొట్టం. ట్రాప్‌లో 30 మీటర్లు దాటాకే కొడతాం, కాబట్టి బిగువు కావాలి. వేటలోనూ అంతే, కుక్క లేపిన పిట్ట 20 మీటర్లలో లేస్తే వదులు చోక్, నీటి మీద 35 దాటితే మాడిఫైడ్.

గొట్టం మీద చెక్కింది నమ్మకండి. నాలుగడుగుల చదరపు కాగితం 36.5 మీటర్ల దూరంలో పెట్టి, మీరు వాడే తూటాతోనే ఒక దెబ్బ కొట్టి, గుళ్లు చిక్కగా ఉన్నచోటు నడుమగా 76 సెంటీమీటర్ల వలయం గీసి లెక్కపెట్టండి. తూటాలో ఎన్ని గుళ్లున్నాయో మరో తూటా కోసి లెక్కించుకోవాలి. 40 శాతం వస్తే చోక్ లేనట్టు, 50 ఇంప్రూవ్డ్ సిలిండర్, 60 మాడిఫైడ్, 70 ఫుల్. ఒక్క కాగితంతో తేల్చకండి, కనీసం ఐదు కొట్టి సగటు తీయండి. తూటా రకం మారితే మళ్లీ మొదటి నుంచీ చేయాలి.

తూటా కొనేటప్పుడు పెట్టె మీద నంబరు కన్నా మిల్లీమీటర్లు చూడండి. ఇంగ్లీషు పద్ధతిలో ఆరు అంటే 2.6, అమెరికాలో ఆరు అంటే 2.8. తాతల నాటి జోడు గొట్టాల తుపాకీ అయితే ఇంకో మాట. చాలావాటి గది 65 మిల్లీమీటర్లే. అందులో 70 మిల్లీమీటర్ల తూటా నింపినప్పుడు సరిపోయినట్టే ఉంటుంది. కానీ పేలాక తూటా మూతి ముడి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం కింద చెక్కిన గుర్తులు తుపాకీ మరమ్మతు తెలిసినవాడికి చూపించి గది కొలిపించాకే తూటాల పెట్టె కొనండి.