ఓటు ఊళ్లో, ఉద్యోగం హైదరాబాద్‌లో: సెలవు ఎవరి ఖాతాలో?

"హైదరాబాద్‌లో పనిచేస్తూ ఓటు ఆంధ్రాలో ఉన్నవాళ్లకి పోలింగ్ సెలవు రాదు. ఇక్కడ పోలింగ్ లేని రోజైతే సొంత లీవు పెట్టుకోవాల్సిందే. తిరిగొచ్చాక వేలి మీద సిరా చూపించకపోతే జీతం కట్." ఇలా అనేవాళ్లున్నారు, కానీ చట్టం అలా అనదు.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135-బి అనే సెక్షన్ ఉంది. లోక్‌సభకో అసెంబ్లీకో పోలింగ్ జరిగే రోజున, అందులో ఓటు హక్కున్న ప్రతి ఉద్యోగికీ జీతంతో కూడిన సెలవు ఇవ్వాలంటుంది. అది ఓటరును చూస్తుంది తప్ప ఆఫీసు ఎక్కడుందో చూడదు. నియోజకవర్గం బయట పనిచేసేవాళ్లకీ, రోజు కూలీలకీ ఇది వర్తిస్తుందని ఎన్నికల సంఘం కూడా చెబుతూ వస్తోంది. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకేరోజు పోలింగ్ కాబట్టి గొడవే రాలేదు. ఆంధ్రాలో ఒక్క సీటుకు ఉప ఎన్నిక వచ్చిందనుకోండి, హైదరాబాద్ ఆఫీసు మామూలుగా తెరిచే ఉంటుంది. చిక్కంతా అప్పుడే.

మాదాపూర్‌లో పనిచేసే ఒకరికి ఇచ్ఛాపురంలో ఓటుంది, పోలింగ్ గురువారం అనుకుందాం. బుధవారం బయల్దేరాలి, శుక్రవారానికి గానీ తిరిగి చేరలేరు. చాలామంది మూడు రోజులకీ కలిపి పోర్టల్‌లో ఒకే అప్లికేషన్ పెట్టేస్తారు. సిస్టమ్ మూడు క్యాజువల్ లీవులూ కోసేస్తుంది, తర్వాత అడిగితే "మీరే పెట్టారుగా" అంటారు. అందుకే గురువారాన్ని విడదీయాలి. బుధ, శుక్రవారాలు మాత్రమే లీవులో పెట్టి, గురువారానికి మేనేజర్‌కీ హెచ్ఆర్‌కీ విడిగా మెయిల్ రాయాలి:

"ఇచ్ఛాపురం అసెంబ్లీ నియోజకవర్గంలో నేను ఓటరును. గురువారం అక్కడ పోలింగ్ ఉంది. సెక్షన్ 135-బి ప్రకారం ఆ రోజుకు జీతంతో కూడిన సెలవు ఇవ్వగలరు. దీన్ని నా లీవు బ్యాలెన్స్‌లో తగ్గించవద్దని మనవి."

పోలింగ్ తేదీ, ఓటరు కార్డు నంబరు, జాబితాలో భాగం, వరుస సంఖ్య జతచేస్తే ఎవరికీ అనుమానం ఉండదు. ఆ వివరాలు voters.eci.gov.in లో దొరుకుతాయి. పనిలో పనిగా పేరు ఇంకా జాబితాలో ఉందో లేదో కూడా తేలిపోతుంది. బస్సు టికెట్ కొనేముందే ఈ పని చేయండి.

ప్రయాణపు రోజుల మాట వేరు. చట్టం ఇచ్చేది పోలింగ్ రోజు ఒక్కటే, మిగతా రెండూ మేనేజర్‌తో మాట్లాడుకోవాల్సినవే. బుధవారం నైట్ షిఫ్ట్ ఉంటే దాన్నీ ముందే మార్పించుకోవాలి.

సిరా షరతు చట్టంలో లేదు. ఓటు హక్కు ఉండటమే అర్హత.

మినహాయింపు ఒకటుంది. మనిషి లేకపోతే ప్రమాదమో, ఆ పనికి భారీ నష్టమో జరిగే ఉద్యోగాలకు ఈ సెలవు వర్తించదు. ఐసీయూ నర్సు విషయంలో ఆ వాదన అర్థమవుతుంది. రిలీజ్ దగ్గరపడిందన్న టెన్షన్‌కి అది సరిపోతుందని నేననుకోను. సెలవు ఇవ్వని యజమానికి జరిమానా మాత్రం 500 రూపాయల వరకే, దానికి భయపడే కంపెనీ ఏదీ ఉండదు. కాబట్టి నోటిమాట కన్నా మెయిల్‌లో జవాబు తీసుకోవడమే మేలు.

ఇదంతా లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల సంగతి. ఊళ్లో సర్పంచ్ ఎన్నికకు 135-బి చూపిస్తే చెల్లదు.